ధరకు జ్ఞాపకముంటుందా?

2023 జులై 20న నిఫ్టీ 19,991.85 దాకా వెళ్లింది. అప్పటివరకూ ఎన్నడూ చూడని 20,000కు ఎనిమిది పాయింట్ల దూరం. అక్కడే ఆగింది. మర్నాడు 19,745 దగ్గర ముగిసింది. ఆగస్టు ఆఖరుకు 19,250 ప్రాంతానికి జారింది. ఇలాంటి కదలికను మన పత్రికల వ్యాపార పేజీలు ఏళ్లుగా ఒకే మాటతో వివరిస్తుంటాయి: ‘ఫలానా స్థాయి వద్ద నిరోధం ఎదురైంది’. దానికి జంటగా ‘ఫలానా స్థాయి వద్ద మద్దతు ఉంది’ అనీ, ‘200 రోజుల మూవింగ్ యావరేజ్‌ను కోల్పోయింది’ అనీ రాస్తుంటాయి. చార్టు మీద గీసే ఈ గీతలు ధరలను నిజంగా ఆపుతాయా? ఆపితే ఎందుకు ఆపుతాయి?

జులై 20 సాయంత్రం ఇంకొకటి కూడా జరిగింది. ఇన్ఫోసిస్ తన త్రైమాసిక ఫలితాలు ప్రకటిస్తూ, ఆ ఏడాది ఆదాయ వృద్ధి అంచనాను 4–7 శాతం నుంచి 1–3.5 శాతానికి కోసేసింది. నిఫ్టీలో బాగా బరువున్న కంపెనీ అది. మర్నాడు దాని షేరు ఎనిమిది శాతం దాకా పడింది, సూచీని కూడా కిందికి లాగింది. మరి నిఫ్టీని ఆపింది 20,000 అనే అంకెనా, ఇన్ఫోసిస్ అంచనానా? చార్టును ఎంతసేపు చూసినా దానిలో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. చార్టులో ఉండేది ధర ఒక్కటే. ధర ఎందుకు కదిలిందన్నది చూసేవాళ్లు తమ తరఫున చేర్చుకునే ఊహ. టెక్నికల్ అనాలిసిస్ ఎలాంటి ఊహలు చేస్తుందో విడమరిచి చూడటానికి ఈ ఒక్క సందర్భమే చాలు.

మద్దతు, నిరోధం అనే ఆలోచన వెనక ఉన్నది మనుషుల జ్ఞాపకం. ఒక షేరు కొన్నాళ్లు 500 రూపాయల దగ్గర తిరిగిందనుకుందాం. చాలామంది అక్కడ కొన్నారు. తర్వాత అది 430కి పడింది. కొన్నవాళ్లు అమ్ముకోలేక, ఉంచుకోలేక నెలల తరబడి ‘అసలు వస్తే చాలు, బయటపడదాం’ అనుకుంటూ గడిపారు. ధర మళ్లీ 500కు చేరగానే వాళ్లంతా అమ్మకానికి దిగుతారు. ఆ అమ్మకాల బరువుకు ధర వెనక్కి తగ్గుతుంది. ఇది నిరోధం. అటువైపు, 430 దగ్గర కొందామనుకుంటూనే తటపటాయించి అవకాశం వదులుకున్నవాళ్లు ఉంటారు. ధర మళ్లీ అక్కడికి వస్తే ఈసారి వదలకూడదని కాచుకుని ఉంటారు. ఇది మద్దతు.

ఈ కథలో మొదటి సగానికి గట్టి ఆధారమే ఉంది. నష్టంలో ఉన్న షేరును పట్టుకు కూర్చోవడం, లాభంలో ఉన్నదాన్ని తొందరపడి అమ్మేయడం మనుషుల స్వభావమని 1985లో హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ ఒక పరిశోధన పత్రంలో వాదించారు. 1998లో టెరెన్స్ ఓడీన్ ఒక అమెరికన్ బ్రోకరేజీకి చెందిన పదివేల ఖాతాలు తిరగేసి ఆ స్వభావాన్ని లెక్కల్లో చూపించాడు. కొన్న ధరను మనిషి మరిచిపోడు. కంపెనీ అసలు విలువకు ఆ ధరతో ఏ సంబంధమూ లేకపోయినా, నిర్ణయాలు దాని చుట్టూనే తిరుగుతాయి.

అయితే ఈ కథ మన 20,000కు వర్తించదు. 2023 జులైకి ముందు నిఫ్టీ ఎన్నడూ 20,000 చూడలేదు. అక్కడ కొని ఇరుక్కుపోయినవాళ్లు ఒక్కరూ లేరు. పాత బాధ ఏదీ లేని చోట నిరోధం ఎక్కడిది? దీనికి జవాబు కరెన్సీ మార్కెట్లను శోధించిన కరోల్ ఓస్లర్ పనిలో దొరుకుతుంది.

ఓస్లర్ అప్పట్లో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఆర్థికవేత్త. డాలరుతో జర్మన్ మార్కు, జపాన్ యెన్, బ్రిటన్ పౌండుల మారకం రేట్లకు ఆరు సంస్థలు రోజూ తమ ఖాతాదారులకు పంపే మద్దతు, నిరోధ స్థాయిలను ఆమె సేకరించారు. అవి 1996 నుంచి 1998 మొదటి నెలల దాకా ఉన్నవి. ఆ స్థాయిలను తాకినప్పుడు రేటు ఎన్నిసార్లు వెనక్కి మళ్లిందో లెక్కపెట్టారు. అంతటితో ఆగి ఉంటే ఆ పనికి పెద్ద విలువ ఉండేది కాదు. ఆమె కంప్యూటరుతో వేల కొద్దీ ఉత్తుత్తి స్థాయిలను కూడా పుట్టించి, వాటి దగ్గర రేటు ఎన్నిసార్లు మళ్లిందో కూడా లెక్కపెట్టారు. ఫలితం 2000లో వెలువడింది. సంస్థలు చెప్పిన స్థాయిల దగ్గర రేటు వెనక్కి మళ్లడం నిజంగానే ఎక్కువ. కానీ ఎవరూ ఏ ఆలోచనా లేకుండా పుట్టించిన ఉత్తుత్తి స్థాయిల దగ్గర కూడా రేటు సగానికి మించిన సార్లు వెనక్కి మళ్లింది. రెండింటి మధ్య తేడా ఉంది, అది నమ్మదగిన తేడాయే, కానీ చిన్నది. ‘ఇది బలమైన మద్దతు, అది బలహీనం’ అని సంస్థలు ఇచ్చిన మార్కులు మాత్రం ఎందుకూ పనికిరాలేదు.

ఈ ఉత్తుత్తి స్థాయిల సంగతి దగ్గర పాఠకులు కాసేపు ఆగాలని నా కోరిక. చార్టు మీద ఒక గీత గీసి ‘చూడండి, ధర ఇక్కడ మూడుసార్లు తాకి మళ్లింది’ అని ఎవరైనా చూపిస్తే మనకు ఆ గీతలో ఏదో శక్తి ఉందనిపిస్తుంది. అసలు అడగవలసిన ప్రశ్న వేరు: దానికి కాస్త పైనో కిందో అడ్డదిడ్డంగా గీసిన గీత దగ్గర ఎన్నిసార్లు మళ్లి ఉండేది? ధర ఎప్పుడూ పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది గనక ఏ గీత గీసినా కొన్ని మలుపులు దాని దగ్గర పడతాయి. పోలిక లేకుండా చూపించే మూడు తాకిళ్లు రుజువు కావు.

మూడేళ్ల తర్వాత 2003లో ఓస్లర్ అసలు కారణం దగ్గరికి వెళ్లారు. ఒక పెద్ద బ్యాంకు దగ్గర ఖాతాదారులు ముందుగా పెట్టి ఉంచిన ఆర్డర్లను చూశారు. ఆ ఆర్డర్లు రెండు రకాలు. లాభం చేతికొచ్చే ధర చేరితే అమ్మేయమనేది ఒకటి. నష్టం ఒక హద్దు దాటితే వదిలించుకోమనే స్టాప్‌లాస్ రెండోది. లాభం తీసుకునే ఆర్డర్లు సరిగ్గా గుండు సున్నాలతో ముగిసే అంకెల మీదే గుమికూడి ఉన్నాయి. స్టాప్‌లాస్ ఆర్డర్లు ఆ అంకెలకు కాస్త అవతల గుమికూడి ఉన్నాయి. ధర పెరుగుతూ ఆ అంకెకు వచ్చినప్పుడు అమ్మకాలు అడ్డుపడి వెనక్కి నెడతాయి. ఆ అమ్మకాలన్నీ అరిగిపోయి ధర అంకెను దాటిందంటే, అంతకుముందు పడుతుందని పందెం కాసినవాళ్ల స్టాప్‌లాస్‌లు వరసగా తెగి, వాళ్లంతా కొనక తప్పక ధరను ఇంకా పైకి తోస్తారు. గీత దగ్గర ఆగడం, గీత దాటాక పరుగెత్తడం అనే రెండు లక్షణాలకూ ఒకే కారణం సరిపోయింది. శక్తి గీతది కాదు, ఆ అంకె చుట్టూ పేరుకున్న ఆర్డర్లది.

ఇప్పుడు మన 20,000 తర్వాతి కథ చూద్దాం. 2023 సెప్టెంబర్ 11న నిఫ్టీ తొలిసారి ఆ అంకెను తాకింది, కానీ కాస్త కిందే ముగిసింది. 13న పైన ముగిసింది. 15 నాటికి 20,192. ‘నిరోధం తొలగింది, ఇక పరుగే’ అని నమ్మి కొనడానికి పుస్తకాల ప్రకారం ఇంతకన్నా మంచి తరుణం ఉండదు. ఆ తర్వాత ఆరు వారాల్లో సూచీ 18,837 దాకా పడింది. మళ్లీ లేచి నవంబర్ 29న 20,000 పైన ముగిసింది. డిసెంబర్ 3న నాలుగు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు వచ్చాయి, వాటిలో తెలంగాణ ఒకటి. ఉత్తరాది మూడు రాష్ట్రాల ఫలితాలు మార్కెట్‌కు నచ్చాయి. డిసెంబర్ 4న సూచీ రెండు శాతానికి పైగా ఎగసి 20,686 దగ్గర ముగిసింది.

సెప్టెంబర్ దాటడానికీ నవంబర్ దాటడానికీ చార్టు మీద చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. మొదటిదాన్ని ‘ఫాల్స్ బ్రేకవుట్’ అనీ రెండోదాన్ని అసలైన బ్రేకవుట్ అనీ పిలుస్తారు, ఆ పేర్లు పెట్టేది మాత్రం ఫలితం తెలిశాకే. దాటిన నిరోధం మద్దతుగా మారుతుందని ఇంకో సూత్రం ఉంది. 20,000 విషయంలో దానికి ఆ తర్వాత పరీక్షే ఎదురుకాలేదు. 2024 జూన్ 4న లోక్‌సభ ఫలితాల రోజు మార్కెట్ కుప్పకూలినప్పుడు కూడా నిఫ్టీ 21,281 కంటే దిగలేదు.

మరో చిక్కు కొలతది. 19,991.85 దగ్గర ఆగితే ‘20,000 దగ్గర ఆగింది’ అంటున్నాం. 19,900 దగ్గర ఆగినా అలాగే అనేవాళ్లం. 20,192 దాకా వెళ్లి వెనక్కి వస్తే ‘నిరోధ మండలం’ అంటాం. అటూ ఇటూ ఒక్క శాతం సడలింపు ఇస్తే 19,800 నుంచి 20,200 దాకా, అంటే నాలుగు వందల పాయింట్లు ఆ గీత ఖాతాలో పడతాయి. అంత వెడల్పున్న గీత తప్పు కావడం కష్టం. అందుకే మద్దతు గురించి ఎవరు మాట్లాడినా నేను మూడు సంగతులు చూస్తాను: ధర అక్కడికి రాకముందే చెప్పారా, ఎంత వెడల్పు అని చెప్పారా, ఏం జరిగితే ఆ మాట తప్పయినట్టో చెప్పారా.

ఇక మూవింగ్ యావరేజ్. మద్దతు, నిరోధం పాత స్థాయిలను ధర గుర్తుంచుకుంటుందని, అక్కడికి వస్తే మళ్లుతుందని అంటాయి. మూవింగ్ యావరేజ్ ఊహ దానికి ఎదురు దిక్కులో ఉంటుంది: ధర ఒక దారి పట్టిందంటే కొంతకాలం అదే దారిన పోతుందని. లెక్క చాలా సులువు. గత 200 రోజుల ముగింపు ధరలు కూడి 200తో భాగిస్తే ఇవాళ్టి సగటు. రేపు కొత్త ధర ఒకటి చేరుతుంది, అన్నిటికన్నా పాతది ఒకటి రాలిపోతుంది. రోజువారీ కుదుపులు కరిగిపోయి నున్నటి గీత వస్తుంది. ధర ఆ గీతకు పైన ఉంటే పెరిగే దారి, కింద ఉంటే పడే దారి అంటారు.

రాలిపోయే ఆ పాత ధరే చాలామంది గమనించనిది. ఐదు రోజుల సగటుతో ఒక చిన్న ఉదాహరణ చూడండి. ధరలు వరసగా 90, 104, 103, 102, 101. మొత్తం 500, సగటు 100. ఆరో రోజు ధర 99కి పడింది. 90 రాలిపోయి 99 చేరింది, మొత్తం 509, సగటు 101.8. ధర నాలుగు రోజులుగా పడుతూనే ఉంది, సగటు మాత్రం పెరిగింది. ఏడో రోజు ధర 100కు లేచింది. ఈసారి 104 రాలిపోయింది, మొత్తం 505, సగటు 101కి తగ్గింది. ధర లేచిన రోజున గీత వంగింది. 200 రోజుల గీత పైకి తిరిగిందంటే దాని అర్థం ఒక్కటే: ఇవాళ్టి ధర, రాలిపోతున్న 200 రోజుల కిందటి ధర కన్నా ఎక్కువ. గీత తిరగడం ఇవాళ్టి వార్త అనిపిస్తుంది గానీ అందులో సగం వాటా దాదాపు పది నెలల కిందటి ఒక రోజుది.

సగటుకు ఆలస్యం కూడా పుట్టుకతోనే వస్తుంది. ధర నిలకడగా ఒకే వేగంతో పెరుగుతుంటే 200 రోజుల సగటు దాదాపు వంద ట్రేడింగ్ రోజుల వెనక నడుస్తుంది, అంటే సుమారు ఐదు నెలలు. ఇటీవలి ధరలకు ఎక్కువ బరువిచ్చే ఎక్స్‌పొనెన్షియల్ సగటు కాస్త చురుగ్గా ఉంటుంది, దానికి బదులుగా చిన్న కుదుపులకూ తిరిగిపోతుంది. ఆలస్యాన్ని తగ్గిస్తే తప్పుడు మలుపులు పెరుగుతాయి. రెండిటినీ ఒకేసారి తగ్గించే సగటు లేదు.

ఈ ఆలస్యం ఎప్పుడు భరించదగిందో ఎప్పుడు కాదో అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీలో రెండు పతనాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 50 రోజుల సగటు 200 రోజుల సగటు కిందికి దిగడాన్ని ‘డెత్ క్రాస్’ అనీ, పైకి దాటడాన్ని ‘గోల్డెన్ క్రాస్’ అనీ అంటారు. 2007 డిసెంబరులో సూచీ 1,480 ప్రాంతంలో ఉండగా డెత్ క్రాస్ పడింది. 2009 మార్చిలో సూచీ 676 దగ్గర అడుగు తాకింది. గోల్డెన్ క్రాస్ 2009 జూన్‌లో, 900 దరిదాపుల్లో వచ్చింది. ఆ సంకేతాలను అనుసరించినవాళ్లు ఒక మహాపతనంలో పెద్ద భాగాన్ని తప్పించుకున్నారు.

2020లో కరోనా పతనం మొదలైంది. ఫిబ్రవరి 19న 3,386 దగ్గర ఉన్న సూచీ మార్చి 23కి 2,237కి పడిపోయింది. డెత్ క్రాస్ పడింది మార్చి 30న. అప్పటికి అడుగు తాకి వారం గడిచింది, సూచీ 2,626కి లేచింది. గోల్డెన్ క్రాస్ జులై రెండో వారంలో, 3,150 ప్రాంతంలో వచ్చింది. చెప్పినట్టే చేసినవాళ్లు 2,626కు అమ్మి 3,150కి తిరిగి కొన్నారు, ఇరవై శాతం పైకి.

సూత్రం రెండుసార్లూ ఒకటే. తేడా అంతా పతనం వేగంలో ఉంది. పదిహేడు నెలలు సాగిన పతనంలో కొన్ని నెలల ఆలస్యం పెద్ద నష్టం కాలేదు. ఐదు వారాల్లో ముగిసిన పతనంలో అదే ఆలస్యం ముంచేసింది. అంటే మూవింగ్ యావరేజ్ అసలు ఊహ ‘ధరలు దారి పడతాయి’ అన్నదొక్కటే కాదు, ‘పట్టిన దారి నా ఆలస్యం కన్నా చాలా ఎక్కువకాలం సాగుతుంది’ అన్నది కూడా. ఏ దారీ లేకుండా మార్కెట్ పక్కకు నడిచే రోజుల్లో ధర ఆ గీతను పదేపదే అటూ ఇటూ దాటుతుంది. కొనడం, అమ్మడం, మళ్లీ కొనడం. మన దగ్గర డెలివరీ షేర్లకు కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ టాక్స్ పడుతుంది. బ్రోకరేజీ, స్టాంపు సుంకం వేరు. ఒక్కో తప్పుడు మలుపూ ఆ ఖర్చును, దాని మీద ధర తేడాను మింగుతుంది.

దీనికన్నా లోతైన ప్రశ్న ఒకటుంది. సగటు గీతలో కనిపించే అలలు మార్కెట్‌లో ఉన్నవేనా, సగటు పుట్టించినవా? 1927లో మాస్కోలో యెవ్గెనీ స్లుట్‌స్కీ అనే గణితవేత్త దీన్ని పరీక్షించాడు. ప్రభుత్వ లాటరీ రుణపత్రాల డ్రాలో వచ్చిన సంఖ్యల చివరి అంకెలు తీసుకున్నాడు. ఒకదానికీ ఇంకోదానికీ ఏ సంబంధమూ లేని అంకెలవి. వాటిని పదేసి చొప్పున, ఒక్కో అంకె జరుపుకుంటూ కూడుతూ పోయాడు. వచ్చిన గీతను 1855–1877 మధ్య ఇంగ్లండు వ్యాపార హెచ్చుతగ్గుల సూచీ పక్కన పెట్టాడు. రెండూ ఆశ్చర్యం గొలిపేంత దగ్గరగా ఉన్నాయి. లాటరీ అంకెల్లో ఏ అలా లేదు. వరస మొత్తాల్లో తొమ్మిది అంకెలు ఉమ్మడిగా ఉంటాయి గనక పక్క పక్క విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉండి, అలలాంటి రూపం దానంతటదే పుడుతుంది. 200 రోజుల సగటులో ఇవాళ్టి విలువకూ నిన్నటి విలువకూ 199 ధరలు ఉమ్మడి. అది నున్నగా, ఒక దిక్కుకు సాగుతున్నట్టు కనిపించడం లెక్క స్వభావం. అది కనిపించినంత మాత్రాన మార్కెట్‌లో దారి ఉందని రుజువు కాదు.

అలాగని దారులు అసలే లేవని కూడా అనలేం. 1992లో విలియం బ్రాక్, జోసెఫ్ లకోనిషోక్, బ్లేక్ లెబారన్ అమెరికా డౌ జోన్స్ సూచీ 1897 నుంచి 1986 దాకా ఉన్న ధరల మీద మూవింగ్ యావరేజ్ సూత్రాలను, మద్దతు–నిరోధం దాటే సూత్రాలను కలిపి 26 పరీక్షించారు. కొనమన్న రోజుల్లో రాబడి అమ్మమన్న రోజుల కన్నా స్పష్టంగా ఎక్కువుంది. టెక్నికల్ అనాలిసిస్‌ను తోసిపుచ్చే ఆర్థికవేత్తలను ఆ పత్రం ఇబ్బంది పెట్టింది. 1999లో ర్యాన్ సలివన్, అలన్ టిమ్మర్‌మన్, హాల్బర్ట్ వైట్ ఇంకో ప్రశ్న అడిగారు: వందేళ్లుగా వేలాది మంది వేలాది సూత్రాలు ప్రయత్నిస్తే, పనిచేసినవే మిగిలి మన దాకా వచ్చాయి కదా, ఆ ఎంపిక వల్ల వచ్చే భ్రమ ఎంత? 7,846 సూత్రాలను కలిపి లెక్కించారు. పాత కాలంలో ఉత్తమ సూత్రం ఆ వడపోతకు కూడా నిలిచింది. కానీ 1987 నుంచి 1996 దాకా, అంటే ముందటి పరిశోధన చూడని పదేళ్లలో, అదే సూత్రం ఉపయోగపడలేదు.

నిఫ్టీ 200 రోజుల సగటుకు దగ్గరపడినప్పుడల్లా ఈ రెండు ఊహలూ ఒకే గీత మీద ఢీకొంటాయి. ఒకరు దాన్ని మద్దతుగా చూసి అక్కడ కొంటారు. ఇంకొకరు దాని కింద ముగిస్తే అమ్మడానికి సిద్ధంగా ఉంటారు. ఇద్దరి చార్టూ ఒకటే, గీతా ఒకటే, ధర ప్రవర్తన గురించి నమ్మింది మాత్రం వేరు. ఆ గీతకు తనదైన శక్తి ఉందో లేదో చూడాలనుకునేవాళ్లు ఓస్లర్ చేసినట్టే చేయవచ్చు. ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో నిఫ్టీ పాత ముగింపు ధరలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఒక షీటులో పెట్టి 200 రోజుల సగటుతో పాటు ఎవరూ వాడని 187 రోజుల, 213 రోజుల సగటులు కూడా వేయండి. ధర ఒక్కో గీతను తాకిన తర్వాతి ఐదు రోజుల్లో ఎన్నిసార్లు మళ్లిందో, ఎన్నిసార్లు దాటిపోయిందో లెక్కపెట్టండి. తాకడమంటే ఎంత దగ్గరో, మళ్లడమంటే ఎంత దూరమో లెక్క మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోండి. 200కు మిగతా రెండింటి కన్నా ఎక్కువ మార్కులు వస్తే, ఆ అదనం లక్షలమంది 200ను చూస్తూ ఆర్డర్లు పెట్టడం వల్ల వచ్చి ఉండవచ్చు. మూడింటికీ దాదాపు ఒకే మార్కులు వస్తే 200 అనే అంకెలో ప్రత్యేకత ఏమీ లేనట్టే.